పేరాలోంచి పట్టికలోకి: ఒక సిలబస్‌కు ప్రతిపద వ్యాఖ్య

సిలబస్‌ను పేరాగా రాసిన అధ్యాపకుడి మనసులో కోర్సు ఒక కథలా సాగుతుంది. చదివే విద్యార్థికి మాత్రం ఏ బుధవారం ఏ పుస్తకం తెరవాలో తెలియాలి. వ్యాఖ్య కోసం ఇక్కడ నేనే ఒక నమూనా పేరా కూర్చాను. ఆంధ్రప్రదేశ్‌లో ఒక కళాశాల, ఎం.ఏ. తెలుగు, ఆధునిక కథ కోర్సు అనుకుందాం.

“ఈ కోర్సు 2025 జులై 7న మొదలై పదహారు వారాలు సాగుతుంది. తరగతులు సోమ, బుధవారాల్లో ఉంటాయి. తొలి మూడు వారాలు గురజాడ ‘దిద్దుబాటు’తో కథ పుట్టుకను పరిశీలిస్తాం. ఆపైన శ్రీపాద, కొడవటిగంటి కథలు చదువుతాం, మధ్యలో చలాన్ని స్పృశిస్తాం. మధ్యంతర పరీక్ష ఎనిమిదో వారంలో ఉంటుంది. మొదటి వ్యాసం దానికి పది రోజుల ముందు అందజేయాలి. తర్వాత రావిశాస్త్రి, కారా. ‘యజ్ఞం’ చర్చకు కథ మొత్తం చదివి రావాలి. దసరాకు ముందే అది పూర్తవుతుంది. ముగింపు వ్యాసం ఆఖరి తరగతి నాటికి ఇవ్వాలి.”

పదహారు వారాలు. పట్టికలో మొదట రాయాల్సింది పాఠాలు కాదు, తేదీలు. వారానికో వరస చొప్పున పదహారు ఖాళీ వరసలు గీసి, మొదటి గడిలో జులై 7 అని వేస్తే, స్ప్రెడ్‌షీట్‌లో కింది గడికి ఇంత చాలు:

```
=B2+7
```

ఆఖరి వరస అక్టోబర్ 20 సోమవారం దగ్గర ఆగుతుంది. ఆ తర్వాత కళాశాల క్యాలెండర్ తెచ్చి సెలవులు గుర్తు పెట్టాలి. ఆగస్టు 27 బుధవారం వినాయక చవితి. దసరా సెలవులు సెప్టెంబర్ 29 నుంచి అక్టోబర్ 4 దాకా అనుకుందాం. అక్టోబర్ 20 దీపావళి. ముప్పై రెండు తరగతుల్లో నాలుగు పోయి ఇరవై ఎనిమిది మిగిలాయి. ఇదే కోర్సు హైదరాబాద్‌లో జరిగితే జులై 21 సోమవారం బోనాల సెలవుకు ఇంకోటి పోయేది.

అసలు చిక్కు దసరా వారంతో వస్తుంది. అది పదహారింటిలో ఒకటా, కాదా? లెక్కలో ఉంటే ఆఖరి తరగతి అక్టోబర్ 22. లేకపోతే అక్టోబర్ 29. పేరాలో దీనికి జవాబు లేదు. ప్రస్తుతానికి లెక్కలో ఉందనే అనుకుని, ఆ వరసను ఖాళీగానైనా ఉంచుతాను. సెలవు వారం వరస తీసేస్తే పై సూత్రం తెగి కింద ఉన్న తేదీలన్నీ లోపం చూపిస్తాయి.

తొలి మూడు వారాలు. ఇక్కడ వ్యాఖ్య అక్కర్లేదు. జులై 7 నుంచి 23 దాకా ఆరు తరగతులు.

చదువుతాం, స్పృశిస్తాం. నాలుగో వారం నుంచి ఏడో వారం చివరిదాకా ఎనిమిది తరగతులు, ముగ్గురు రచయితలు. ఎవరికి ఎన్ని తరగతులో పేరా చెప్పలేదు కానీ క్రియలు చెప్పాయి. శ్రీపాదకూ కొడవటిగంటికీ ‘చదువుతాం’, చలానికి ‘స్పృశిస్తాం’. ముగ్గురికీ సమానంగా పంచితే ఆ తేడా చెరిగిపోతుంది. శ్రీపాదకు మూడు, చలానికి ఒకటి, కొడవటిగంటికి మూడు, పరీక్షకు ముందు పునశ్చరణకు ఒకటి అని వేస్తాను. అయితే ఇది నా ఊహ. అందుకని ఆ గడులన్నిటిలో ‘అంచనా’ అని రాస్తాను. అధ్యాపకుడు చెప్పింది, నేను ఊహించింది ఒకే రంగులో కలిసిపోతే నెల తర్వాత నాకే తేడా తెలియదు.

ఎనిమిదో వారంలో… పది రోజుల ముందు. పేరా మొత్తానికీ కష్టమైన చోటు ఇదే. చదివేటప్పుడు సాఫీగా ఉంటుంది, తేదీలు వేయగానే తేలికగా కనిపించిన మాట బిగుసుకుంటుంది. ఎనిమిదో వారం ఆగస్టు 25న మొదలవుతుంది. బుధవారం చవితి సెలవు కాబట్టి పరీక్షకు మిగిలింది సోమవారం ఒక్కటే. దానికి పది రోజుల ముందంటే ఆగస్టు 15. కళాశాలలో జెండా ఎగరేస్తారు కానీ వ్యాసాలు తీసుకునే వాళ్లెవరూ ఉండరు. సిలబస్ రాసేటప్పుడు చవితి గుర్తులేక బుధవారం పరీక్ష అనుకుని ఉంటే, పది రోజుల ముందు ఆగస్టు 17, ఆదివారం. ఏ లెక్క పట్టుకున్నా వ్యాసం తీసుకోవడం కుదరని రోజే వస్తోంది.

ఇలాంటప్పుడు తోచిన తేదీ వేసి ముందుకు పోవడం పట్టికలకు జరిగే మామూలు తప్పు. పేరాలో సందేహం సందేహంలాగే కనిపిస్తుంది, గడిలో పడ్డ తేదీ ఆజ్ఞలా కనిపిస్తుంది. అందుకే గడువు పక్కన ఇంకో నిలువు వరస పెట్టి మూలంలో ఉన్న మాటను ఉన్నట్టే దించుతాను.

| వారం | మొదలు | అంశం | గడువు | మూలంలో మాట |
|---|---|---|---|---|
| 6 | ఆగస్టు 11 | కొడవటిగంటి (అంచనా) | మొదటి వ్యాసం: 13 బుధ? | “పది రోజుల ముందు” |
| 7 | ఆగస్టు 18 | కొడవటిగంటి, పునశ్చరణ (అంచనా) | | |
| 8 | ఆగస్టు 25 | మధ్యంతర పరీక్ష | 25 సోమ? | “ఎనిమిదో వారంలో” |

ప్రశ్నార్థకాలు అందంగా లేవు, కానీ జవాబు వచ్చేదాకా వాటిని తీయను. ఆగస్టు 13 ఎందుకంటే, 15కి ముందు వచ్చే ఆఖరి తరగతి అదే. ముందుగా ఇచ్చిన విద్యార్థికి నష్టం ఉండదు.

చదివి రావాలి. ‘యజ్ఞం’ దసరాకు ముందే పూర్తవ్వాలి కాబట్టి ఇక్కడ వెనక్కి లెక్కపెట్టాలి. సెలవులకు ముందు ఆఖరి తరగతి సెప్టెంబర్ 24. చర్చకు మూడు తరగతులు అనుకుంటే 17, 22, 24. అంటే 17 ఉదయానికి కథ చదవడం అయిపోవాలి. ‘యజ్ఞం’ నిడివైన కథ, ఒక్క సాయంత్రంలో ముగించి పెట్టేసేది కాదు. దాని పేరు 15తో మొదలయ్యే వరసలో మాత్రమే వేస్తే, విద్యార్థి సోమవారం పట్టిక చూసి బుధవారానికి చదవడానికి కూర్చుంటాడు. దీనికి నేను రెండు పనులు చేస్తాను. ‘చదవాల్సినవి’ అనే శీర్షికను ‘ఈ వారం తరగతికి చదివి రావాల్సినవి’ అని మారుస్తాను. 8తో మొదలయ్యే వరసలో ‘యజ్ఞం మొదలుపెట్టాలి’ అని చేర్చి, ఆ మాట నాదని గుర్తు పెడతాను.

దసరాకు ముందే. ఈ మాటతో ఒక ఖాళీ బయటపడింది. తొమ్మిది నుంచి పన్నెండు వారాల్లో ఎనిమిది తరగతులు రావిశాస్త్రికీ కారాకూ సరిపోయాయి. సెలవుల తర్వాత అక్టోబర్ 6, 8, 13, 15, 22 తేదీల్లో ఐదు తరగతులున్నాయి, వాటిలో ఏం జరుగుతుందో పేరాలో ఒక్క మాటా లేదు. వాక్యం వెంట వాక్యం చదువుతుంటే ఏదో లోపించిందని అనిపించదు. వరసలు గీశాక ఐదు తెల్ల గడులు ఎదురుగా నిలబడతాయి. కారా ఇతర కథలా, సెమినార్లా, వ్యాసాలపై చర్చా? ఏదో ఒకటి నింపేయాలనిపిస్తుంది, నింపకూడదు.

నాటికి. ‘ఆఖరి తరగతి నాటికి’ అంటే ఆ రోజు తరగతిలోకి వచ్చేటప్పుడా, సాయంత్రం ఆఫీసు మూసేలోగానా, అర్ధరాత్రి లోపా? ‘నాటికి’ అనే మాటలో ఆ రోజు కలిసి ఉంటుందనే చాలామంది తీసుకుంటారు, కానీ గంట తెలియదు. పైగా రోజు కూడా తేలలేదు, 22 కావచ్చు, 29 కావచ్చు. విద్యార్థి గోడకు అతికించుకునే కాగితం మీద 22 వేసి, పక్కన ‘తేలాలి’ అని రాస్తాను.

చివరికి అధ్యాపకుడికి ఒక చీటీ వెళ్తుంది, ఒక్కో మాటతో జవాబిచ్చేట్టు: “సర్, దసరా వారం పదహారింటిలో ఉందా? మధ్యంతరం ఆగస్టు 25 సోమవారమేనా? మొదటి వ్యాసం 13న తీసుకుంటారా? అక్టోబర్ 6 నుంచి పాఠం ఏమిటి? ముగింపు వ్యాసం ఆ రోజు ఎన్ని గంటలకు?”