స్థిరవేగ ప్రొపెల్లర్: ఆర్‌పీఎంకూ మానిఫోల్డ్ ప్రెషర్‌కూ మధ్య తెగిన ముడి

1944 వేసవిలో పసిఫిక్ యుద్ధరంగంలో పి-38 ఫైటర్లు నడుపుతున్న అమెరికన్ పైలట్ల దగ్గరికి ఒక పౌరుడు వచ్చాడు. ఆయన చార్లెస్ లిండ్‌బర్గ్, 1927లో అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటినవాడు. న్యూగినీలో 475వ ఫైటర్ గ్రూప్‌తో కలిసి ఎగిరినప్పుడు అందరూ వెళ్లిన దూరమే ఆయనా వెళ్లివచ్చాడు, కానీ ఆయన ట్యాంకుల్లో మిగిలే పెట్రోలు మాత్రం ఎక్కువగా ఉండేది. కారణం అడిగితే ఆయన చెప్పిన సలహా వాళ్లకు నచ్చలేదు. క్రూయిజ్‌లో 2200 ఆర్‌పీఎం దగ్గర తిప్పుతున్న ఇంజన్‌ను 1600కు దించాలి, మిశ్రమాన్ని పలచన చేయాలి, మానిఫోల్డ్ ప్రెషర్‌ను కాస్త పెంచి 30 అంగుళాల దగ్గర ఉంచాలి. ఇంజన్లు పాడైపోతాయని పైలట్లు వాదించారు. ఇంజన్లు పాడు కాలేదు, ఫైటర్లు వెళ్లగలిగే దూరం పెరిగింది.

ఈ వాదనలో పైలట్ల భయానికీ ఒక ఆధారం ఉంది, లిండ్‌బర్గ్ ధైర్యానికీ ఒక ఆధారం ఉంది. రెండూ అర్థం కావాలంటే ఒకే ఇంజన్‌కు రెండు మీటలు, రెండు గేజీలు ఎందుకు అవసరమయ్యాయో చూడాలి. ఆ రెంటి మధ్య ముడిని తెంచింది ప్రొపెల్లరే కాబట్టి దానితోనే మొదలుపెడదాం.

సెస్నా 182 వంటి నాలుగు సీట్ల విమానాన్ని తీసుకుందాం. 230 హార్స్‌పవర్ ఇంజన్, గరిష్ఠ వేగం 2400 ఆర్‌పీఎం, రెండు బ్లేడుల ప్రొపెల్లర్ వ్యాసం 82 అంగుళాలు, అంటే సుమారు 2.08 మీటర్లు. నిమిషానికి 2400 చుట్లంటే సెకనుకు 40. బ్లేడు పొడవులో మూడు వంతులు దాటిన చోట వ్యాసార్ధం 0.78 మీటర్లు. అక్కడి బ్లేడు ముక్క తన చుట్టుదారిలో సెకనుకు దాదాపు 196 మీటర్లు పోతుంది. విమానం 80 నాట్లతో పైకి ఎక్కుతుంటే ఆ ముక్క సెకనుకు 41 మీటర్లు ముందుకు కూడా జరుగుతుంది. ఈ రెండు కదలికలూ కలిస్తే గాలి భ్రమణ తలానికి 12 డిగ్రీల కోణంలో వచ్చి తగులుతుంది. అదే విమానం క్రూయిజ్‌లో 140 నాట్లు, అంటే సెకనుకు 72 మీటర్లు పోతుంటే గాలి వచ్చే కోణం 20 డిగ్రీలవుతుంది.

బ్లేడు కూడా రెక్కే. గాలికి మూడు నాలుగు డిగ్రీలు ఎత్తి పెడితేనే సమర్థంగా పనిచేస్తుంది. అంటే ఎక్కేటప్పుడు దానికి 15 డిగ్రీల పిచ్ కావాలి, క్రూయిజ్‌లో 23, 24 కావాలి. 15 డిగ్రీల దగ్గర బిగించేసిన బ్లేడును 140 నాట్ల వేగంలో 2400 ఆర్‌పీఎంకు పరిమితం చేస్తే గాలి దాని ముఖం మీద కాకుండా వీపు మీద కొడుతుంది, లాగాల్సింది పోయి అడ్డుపడుతుంది. 24 దగ్గర బిగిస్తే రన్‌వే మీద బయల్దేరే క్షణంలో గాలి దాదాపు సున్నా డిగ్రీల నుంచి వస్తుంది కాబట్టి బ్లేడు స్టాల్ అవుతుంది, ఇంజన్ ఆ బరువుకు పూర్తి ఆర్‌పీఎం అందుకోలేదు. బిగింపు పిచ్ ప్రొపెల్లర్‌ను తయారుచేసేవాళ్లు ఈ రెంటి మధ్య ఏదో ఒక రాజీకి వస్తారు.

రాజీ అక్కర్లేకుండా చేసే ప్రయత్నాలు 1920లలోనే మొదలయ్యాయి. కెనడాలో వాలస్ టర్న్‌బుల్ విద్యుత్తుతో పిచ్ మార్చే ప్రొపెల్లర్‌ను 1927లో పరీక్షించాడు. అమెరికాలో ఫ్రాంక్ కాల్డ్‌వెల్ హామిల్టన్ స్టాండర్డ్ కంపెనీలో రూపొందించిన పిచ్ మార్పు ప్రొపెల్లర్‌కు 1933 సంవత్సరపు కోలియర్ ట్రోఫీ వచ్చింది. అయితే అది రెండు స్థానాల ప్రొపెల్లర్: టేకాఫ్‌కు ఒకటి, క్రూయిజ్‌కు ఒకటి. పైలట్ ఒక స్థానం నుంచి మరొకదానికి మార్చాలి, మధ్యలో నిలపడానికి వీల్లేదు. ఆ పనిని పైలట్ చేతిలోంచి తీసుకుని యంత్రానికి అప్పగించినదే గవర్నర్. స్థిరవేగ ప్రొపెల్లర్ అనే పేరు విమాన వేగం గురించి కాదు, ఇంజన్ తిరిగే వేగం గురించి. కొత్తవాళ్లు మొదట పొరబడేది ఇక్కడే.

గవర్నర్ పని చిన్నదే. ఇంజన్ ఒక పళ్లచక్రం ద్వారా దాన్ని తిప్పుతుంది. లోపల కీలు మీద వేలాడే రెండు బరువులుంటాయి, వాటిని లోపలికి నొక్కుతూ పైన ఒక స్ప్రింగ్ ఉంటుంది. పైలట్ నీలం రంగు తలకాయ ఉన్న ప్రొపెల్లర్ మీట కదిపితే మారేది బ్లేడు కోణం కాదు, ఈ స్ప్రింగ్ బిగువు. విమానం ముక్కు కిందికి వంగి వేగం పెరిగిందనుకుందాం. బ్లేడు మీద భారం తగ్గి ఇంజన్ 2400 దాటబోతుంది. బరువులు బయటికి విసిరినట్టు జరిగి స్ప్రింగ్‌ను ఎత్తుతాయి, దానితో పాటు ఒక చిన్న కవాటం లేస్తుంది. గవర్నర్‌లోని పంపు పీడనం పెంచిన ఇంజన్ ఆయిలు హబ్‌లోకి పోయి పిస్టన్‌ను నెడుతుంది, బ్లేడు పిచ్ పెరుగుతుంది, భారం పెరిగి ఇంజన్ మళ్లీ 2400కు వస్తుంది. వేగం తగ్గితే ఇదంతా తిరగబడుతుంది: బరువులు లోపలికి పడతాయి, ఆయిలు వెనక్కి కారుతుంది, హబ్‌లోని స్ప్రింగూ తిరిగే బ్లేడులోనే పుట్టే మెలి బలమూ కలిసి పిచ్‌ను తగ్గిస్తాయి. పి-38 మీద ఉన్న కర్టిస్ ప్రొపెల్లర్లలో ఆయిలు బదులు హబ్‌లో విద్యుత్ మోటారు ఈ పని చేసేది. గవర్నర్ తర్కం మాత్రం ఒకటే.

ఇక థ్రాటిల్ దగ్గరికి వద్దాం. బిగింపు పిచ్ విమానంలో థ్రాటిల్ ముందుకు తోస్తే ఆర్‌పీఎం పెరుగుతుంది, కాబట్టి ఆ ఒక్క గేజీ చూస్తే శక్తి తెలుస్తుంది. ఇక్కడ థ్రాటిల్ తోసినా ఆర్‌పీఎం కదలదు. పెరిగిన శక్తిని గవర్నర్ పెరిగిన పిచ్‌గా మార్చేస్తుంది. అందుకే ఇంకో కొలత కావలసి వచ్చింది. థ్రాటిల్‌కూ సిలిండర్లకూ మధ్యనున్న గొట్టంలో గాలి పీడనాన్ని పాదరసపు అంగుళాల్లో కొలవడమే మానిఫోల్డ్ ప్రెషర్. ఇది నిరపేక్ష పీడనం. ఇంజన్ ఆపి ఉంచిన విమానంలో ఆ ముల్లు సున్నా చూపదు, బయటి గాలి పీడనాన్ని చూపుతుంది. విశాఖ తీరంలో 30కి కాస్త అటూ ఇటూగా, సముద్రమట్టానికి 1700 అడుగులకు పైన ఉన్న బేగంపేటలో 28 చూపుతుంది. ఇంజన్ తిరగడం మొదలుపెట్టి గాలిని పీల్చుకుంటే ఆ ముల్లు కిందికి పడుతుంది.

మానిఫోల్డ్ ప్రెషర్ ఒక్కో గుటకలో ఎంత మిశ్రమం పోతుందో చెబుతుంది, ఆర్‌పీఎం నిమిషానికి ఎన్ని గుటకలో చెబుతుంది. శక్తి ఈ రెంటి గుణకారాన్ని దాదాపుగా అనుసరిస్తుంది. 24 అంగుళాలు, 2100 ఆర్‌పీఎం గుణిస్తే 50,400. 21 అంగుళాలు, 2400 ఆర్‌పీఎం గుణించినా 50,400. కాగితం మీద సమానమే, ఇంజన్‌లో సమానం కాదు. నిమిషానికి 300 చుట్లు ఎక్కువ తిరిగితే పిస్టన్లూ బేరింగులూ రాపిడికి అంత ఎక్కువ చెల్లిస్తాయి. పైగా 21 అంగుళాలకు థ్రాటిల్ ఎక్కువ మూసి ఉంచాలి, ఆ సందులోంచి గాలిని లాగడానికే ఇంజన్ కొంత శ్రమ పడాలి. కాబట్టి అంతే శక్తికి రెండో జంట కొంచెం ఎక్కువ పెట్రోలు తాగుతుంది, చప్పుడూ ఎక్కువ చేస్తుంది.

లిండ్‌బర్గ్ చేసిందీ ఇదే లెక్క. 1600ను 30తో గుణిస్తే 48,000. అదే గుణకారం 2200 ఆర్‌పీఎం దగ్గర కావాలంటే 22 అంగుళాలు చాలు. కానీ పి-38లోని ఆలిసన్ వి-1710 ఇంజన్‌కు రాపిడి ఒక్కటే కాదు, క్రాంక్ నుంచే గేర్లతో తిరిగే సూపర్‌చార్జర్ కూడా ఉంది. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ అది మింగే శక్తి రాపిడికన్నా వేగంగా పెరుగుతుంది. అందుకే చిన్న సెస్నాలో స్వల్పంగా కనిపించే లాభం అక్కడ గంటల ప్రయాణంలో పెద్దదైంది. అయితే పొదుపంతా ఆర్‌పీఎందే అనడం సరికాదు. పలచని మిశ్రమం వాటా అందులో గణనీయం.

మరి పైలట్ల భయం? ఘాట్ రోడ్డు ఎక్కుతూ గేరు తగ్గించకుండా యాక్సిలరేటర్ తొక్కిన లారీ ఇంజన్ కొట్టుకోవడం మనం విన్నదే. తక్కువ ఆర్‌పీఎంలో పిస్టన్ నెమ్మదిగా కదులుతుంది. మంట చేరకముందే మిగిలిన మిశ్రమం ఎక్కువసేపు వేడిలో, ఒత్తిడిలో ఉండి ఒక్కసారిగా పేలుతుంది. దీన్నే డిటొనేషన్ అంటారు. పిస్టన్ తలకు చిల్లు పడేదీ దీనివల్లే. కానీ ఇది జరగడానికి పీడనం ఒక హద్దు దాటాలి. అదే ఆలిసన్ టేకాఫ్‌లో 54 అంగుళాల దాకా భరించేది, అయితే అప్పుడు మిశ్రమం చిక్కన, ఆర్‌పీఎం 3000. 1600 దగ్గర 30 అంగుళాలు ఆ హద్దుకు చాలా ఇవతలే ఉన్నాయి. అంగుళాల అంకె ఆర్‌పీఎం వందల అంకెను దాటకూడదని కొన్ని శిక్షణ కేంద్రాల్లో నేటికీ సూత్రంలా వల్లిస్తారు. దానికి భౌతిక ఆధారం లేదు. అంగుళం, నిమిషం రెండూ మనిషి పెట్టుకున్న కొలతలు, వాటి అంకెలు సరిపోవడం కాకతాళీయం. పైలట్ నమ్మాల్సింది తన ఇంజన్ తయారీదారు ఇచ్చిన పట్టికను. వాటిలో 2100కు 23 వంటి జంటలు మామూలుగానే ఉంటాయి.

మీటలు కదిపే వరస కూడా ఈ భయం నుంచే పుట్టింది. శక్తి పెంచేటప్పుడు ముందు ఆర్‌పీఎం, తర్వాత థ్రాటిల్. తగ్గించేటప్పుడు ముందు థ్రాటిల్, తర్వాత ఆర్‌పీఎం. ఆర్‌పీఎం దించగానే ముల్లు ఒక అరంగుళం పైకి లేవడం చూసి విద్యార్థులు కంగారుపడతారు. థ్రాటిల్ సందు మారలేదు, దానిలోంచి పీల్చే గుటకలు తగ్గాయి, అందుకే లోపలి పీడనం బయటిదానికి దగ్గరైంది, అంతే.

గవర్నర్‌కూ హద్దులున్నాయి. టేకాఫ్ పరుగు మొదట్లోనూ, ల్యాండింగ్‌కు శక్తి తగ్గించి వస్తున్నప్పుడూ బ్లేడు కనిష్ఠ పిచ్ ఆపు మీద ఆని ఉంటుంది. అప్పుడు అది బిగింపు పిచ్ ప్రొపెల్లరే, మీట కదిపినా ఏమీ జరగదు. ఫైనల్‌లో ఆ మీటను పూర్తిగా ముందుకు తోసి ఉంచేది, మళ్లీ పైకి లేవాల్సి వస్తే ఆర్‌పీఎం వెంటనే అందాలని. ఒకే ఇంజన్ ఉన్న విమానాల్లో ఎక్కువ వాటికి ఆయిలు పీడనం పోతే బ్లేడు కనిష్ఠ పిచ్‌కు జారి ఇంజన్ హద్దు దాటి తిరగవచ్చు. అప్పుడు థ్రాటిల్ తగ్గించి, ముక్కు ఎత్తి వేగం తగ్గించడమే దారి. రెండింజన్ల విమానాల్లో ఏర్పాటు తిరగేసి ఉంటుంది: ఆయిలు పోతే ప్రతిభారాలూ స్ప్రింగూ బ్లేడును గాలికి వాలుగా, ఫెదర్ స్థితికి తీసుకుపోతాయి.

అన్నిటికన్నా జాగ్రత్తగా గుర్తుంచుకోవలసింది గవర్నర్ దాచిపెట్టే విషయం. కార్బురేటర్‌లో మంచు పడితే బిగింపు పిచ్ విమానంలో ఆర్‌పీఎం పడిపోయి హెచ్చరిస్తుంది. ఇక్కడ ఆర్‌పీఎం కదలదు, మానిఫోల్డ్ ప్రెషర్ మాత్రం మెల్లగా దిగుతుంది. క్రూయిజ్‌లో రెండో గేజీని చూడనివాడికి అది కనబడదు. ఇంజన్ పూర్తిగా ఆగిపోతే మోసం ఇంకా పెద్దది. ఎదురుగాలి ప్రొపెల్లర్‌ను తిప్పుతూనే ఉంటుంది, గవర్నర్ పిచ్ తగ్గించి ఆర్‌పీఎంను పాత అంకె దగ్గరే నిలపడానికి ప్రయత్నిస్తుంది. మండకపోయినా సిలిండర్లు గాలి పీలుస్తూనే ఉంటాయి, మానిఫోల్డ్ ముల్లూ దాదాపు ఉన్నచోటే ఉంటుంది. రెండింజన్ల విమానంలో ఏది ఆగిందో ఈ రెండు గేజీలు చెప్పలేవు. ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత చెబుతుంది, అంతకన్నా ముందు పైలట్ కాళ్లు చెబుతాయి: విమానాన్ని తిన్నగా ఉంచడానికి రడ్డర్ తొక్కనవసరం లేని కాలు ఏ వైపుదో, ఆ వైపు ఇంజన్ ఆగింది.