విన్నదొకరు, సంతకం పెట్టిందొకరు: కృష్ణా జిల్లా బస్సుల కేసు నుంచి డి-పట్టా దాకా

సహజ న్యాయం అనగానే కోర్టు మెట్లెక్కిన వాళ్లకి రెండు సూత్రాలు గుర్తొస్తాయి. ఎవడి తగాదాకి వాడే న్యాయమూర్తి కాకూడదు. ఎదుటి మనిషి చెప్పేది వినకుండా అతనికి నష్టం కలిగే నిర్ణయం చేయకూడదు. ఈ రెండూ ఇంగ్లండు నుంచి వచ్చినవేనని న్యాయశాస్త్ర పుస్తకాలు చెబుతాయి. కాని ఇవి మన కలెక్టరాఫీసుల్లో, సెక్రటేరియట్‌లో ఎట్లా పనిచేయాలో తేల్చిన తొలి పెద్ద కేసుల్లో ఒకటి మన ఆంధ్ర గడ్డ మీదే పుట్టింది. అది వేసింది దళితులు కాదు, పేదలూ కాదు. కృష్ణా జిల్లాలో బస్సు పర్మిట్లున్న ఆసాములు. ఈ సంగతి దాచాల్సిన పని మాకు లేదు. సుప్రీంకోర్టు దాకా పోయే డబ్బు, వకీళ్లు ఎవరికుంటే వాళ్ల కేసుల్లోనే సూత్రాలు తయారవుతాయి. ఆ సూత్రాన్ని మన తగాదాల్లోకి ఎంతవరకు తెచ్చుకోగలం, అది ఎక్కడ ఆగిపోతుంది అన్నదే ఇక్కడ మా ప్రశ్న.

ముందు కథ. నిజాం సర్కారు 1932లోనే హైదరాబాదు రాజ్యంలో తన సొంత బస్సులు నడపడం మొదలుపెట్టింది. కోస్తాలో మాత్రం బస్సులు ప్రైవేటువాళ్ల చేతుల్లోనే ఉండేవి. 1956లో మోటారు వాహనాల చట్టానికి కొత్తగా ఒక అధ్యాయం చేర్చారు. ప్రభుత్వ రవాణా సంస్థ ఏ రూట్లు తాను తీసుకోదలచిందో ఒక స్కీము తయారుచేసి ప్రకటించాలి. నష్టపోయేవాళ్లు 30 రోజుల్లో అభ్యంతరాలు ఇవ్వాలి. రాష్ట్ర ప్రభుత్వం రెండు పక్షాలనూ స్వయంగా విని స్కీముని ఒప్పుకోవాలి, లేదా మార్చాలి. చట్టం చెప్పింది ఇంతే. 'ప్రభుత్వం వినాలి' అంది గాని ప్రభుత్వానికి చెవులెక్కడుంటాయో చెప్పలేదు.

1957 చివర్లో కృష్ణా జిల్లా రూట్ల మీద స్కీము వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. బస్సుల యజమానులు అభ్యంతరాలు పెట్టారు. వాటిని విన్నది రవాణా వ్యవహారాలు చూసే హోంశాఖ కార్యదర్శి. ఆయన విన్నదంతా ఫైలు మీదికెక్కింది. ఆ ఫైలు రవాణా శాఖ కూడా తన దగ్గరే పెట్టుకున్న ముఖ్యమంత్రి ముందుకి పోయింది. ముఖ్యమంత్రి చూసి స్కీముకి ఆమోదం తెలిపారు. సెక్రటేరియట్‌లో ఇది రోజూ జరిగే పని. కింది అధికారి వింటాడు, నోటు రాస్తాడు, పైవాడు సంతకం పెడతాడు. ఇందులో తప్పేమిటని అప్పట్లో ఎవరైనా అడిగితే విచిత్రంగా చూసేవాళ్లు.

గుళ్లపల్లి నాగేశ్వరరావు, ఇంకొందరు సుప్రీంకోర్టుకి పోయారు. 1958 నవంబరు 5న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ముగ్గురి తరఫున మెజారిటీ తీర్పు రాసింది కోకా సుబ్బారావు. అంతకుముందు ఆంధ్ర హైకోర్టుకి మొదటి ప్రధాన న్యాయమూర్తిగా చేసి, ఆ ఏడాదే ఢిల్లీకి వెళ్లిన మనిషి. ఆయన ముందు తేల్చింది ఇది వట్టి పాలనా పని కాదని. ఒక పక్క రవాణా సంస్థ, ఇంకో పక్క బస్సుల వాళ్లు, నడుమ ప్రభుత్వం. ఇద్దరి వాదన విని తేల్చమని చట్టమే అంటున్నప్పుడు ఆ పనికి న్యాయమూర్తి పద్ధతి ఉండాలన్నారు. మిగతా ఇద్దరు, సిన్హా, వాంఛూ ఒప్పుకోలేదు. ఇది పాలనా వ్యవహారమే అన్నారు. ఈ భిన్నాభిప్రాయాన్ని మనం మరవకూడదు. అప్పట్లో 'ఇది పాలనా పని' అనేస్తే సహజ న్యాయానికి తలుపు మూసినట్టే. ఆ తలుపు పూర్తిగా తెరుచుకున్నది 1969లో, క్రైపాక్ కేసుతో.

తర్వాత స్కీముని రెండు కారణాలతో కొట్టేశారు. మొదటిది, విన్న కార్యదర్శి రవాణా శాఖకి పెద్ద. తగాదాలో ఒక పక్షం ఆ శాఖే. అంటే తన తగాదాకి తానే న్యాయమూర్తి అయ్యాడు. రెండోది, విన్నది కార్యదర్శి, నిర్ణయించింది ముఖ్యమంత్రి. ఎదురుగా కూర్చుని వినడం ఎందుకు? మనిషి ముఖం చూసి, మాట విని, అనుమానం వస్తే అక్కడికక్కడే అడిగి తీర్చుకోవడానికి. వకీలు కూడా తన వాదనతో నిర్ణయించేవాణ్ణి ఒప్పించడానికే వస్తాడు. విన్నవాడు ఒకడూ, తేల్చేవాడు ఇంకొకడూ అయితే ఆ వినడం ఉత్తుత్తి తంతు అవుతుందని సుబ్బారావు తీర్పు సారాంశం.

ఇంగ్లండులో 1915 నాటి ఆర్లిడ్జ్ కేసుని ప్రభుత్వం తరఫువాళ్లు ముందుకు తెచ్చారు. నివాసానికి పనికిరాదని మూసేయమన్న ఇల్లు అది. ఇన్‌స్పెక్టరు విచారణ చేశాడు, బోర్డు నిర్ణయించింది, ఇంటి యజమానికి ఇన్‌స్పెక్టరు రిపోర్టు కూడా చూపలేదు. అయినా ఆ దేశపు పై కోర్టు తప్పులేదంది. అక్కడి చట్టం ఆ పద్ధతికి చోటిచ్చింది, ఇక్కడి చట్టం అట్లా ఇవ్వలేదని సుబ్బారావు వేరుచేశారు.

మొదటి కారణం దగ్గర కాసేపు ఆగాలి. మాకు దీంట్లో అన్నిటికన్నా పనికొచ్చేది అదే. ఆ కార్యదర్శి చెడ్డవాడని గాని, బస్సుల వాళ్ల మీద పగ ఉందని గాని ఎవరూ రుజువు చేయలేదు. అవసరమూ రాలేదు. ఆయన కూర్చున్న కుర్చీయే సాక్ష్యం అయింది. క్రైపాక్ కేసులోనూ ఇదే జరిగింది. కశ్మీరు అటవీ అధికారుల ఎంపిక సంఘంలో ఒక అభ్యర్థే సభ్యుడు. తన పేరు వచ్చినప్పుడు లేచి వెళ్లాడు, కాని పోటీదార్ల పేర్లు వచ్చినప్పుడు కూర్చున్నాడు. అతని మనసులో ఏముందో తవ్వక్కర్లేదు, పక్షపాతానికి సహేతుకమైన అవకాశం ఉంటే చాలు అంది కోర్టు. ఒక అధికారి గుండెల్లో కులద్వేషం ఉందని కాగితాల మీద రుజువు చేయడం ఎంత కష్టమో మన పాఠకులకి చెప్పక్కర్లేదు. 'నేను కులం చూడను' అని ఒక్క మాటతో అధికారి తప్పించుకుంటాడు. అందుకే మనసు మీద కాకుండా స్థానం మీద, సంబంధం మీద, వాస్తవంగా జరిగిన వరుస మీద వాదన కట్టాలని మేమంటాం.

ఒక ఉదాహరణ కల్పించుకుని చూద్దాం. ఊరి పక్కన ఎకరం ఇరవై సెంట్ల డి-పట్టా భూమి. పట్టా పొందిన మాదిగ రైతు చనిపోయాడు, కొడుకు సాగు చేసుకుంటున్నాడు. అసైన్డు భూముల అన్యాక్రాంతాన్ని నిషేధించిన 1977 చట్టం కింద, ఈ భూమి అమ్ముడుపోయిందని గ్రామ రెవెన్యూ రిపోర్టు వెళ్లింది. తహసీల్దారు నోటీసు ఇచ్చాడు. కొడుకు వెళ్లి, అమ్మలేదు, కౌలుకి కూడా ఇవ్వలేదు అని చెప్పాడు, శిస్తు రసీదులు చూపించాడు. ఇంతలో ఆ తహసీల్దారు బదిలీ అయ్యాడు. కొత్తాయన వచ్చి, ఫైలు చూసి, మనిషిని మళ్లీ పిలవకుండా 'భూమి స్వాధీనం చేసుకోవడమైనది' అని ఉత్తర్వు పంపాడు. కృష్ణా జిల్లా బస్సుల వాళ్లకి జరిగిందే ఇక్కడా జరిగింది. విన్నవాడు పోయాడు, వినని వాడు రాశాడు. పైగా రిపోర్టు నకలు ఆ కొడుక్కి ఇవ్వకపోతే, దేనికి జవాబు చెప్పాలో తెలియకుండానే జవాబు చెప్పించినట్టు.

ఇట్లాంటి ఫైలు చేతికొస్తే చూడాల్సింది వరుసలే. నోటీసు మీద సంతకం ఎవరిది, విచారణ రోజున కూర్చున్నదెవరు, ఉత్తర్వు మీద సంతకం ఎవరిది. నోటీసులో చెప్పిన ఆరోపణా, ఉత్తర్వులో చూపిన కారణమూ ఒకటేనా. రైతు ఇచ్చిన జవాబు గురించి ఉత్తర్వులో ఒక్క వాక్యమైనా ఉందా, లేక 'పరిశీలించడమైనది' అన్న ముక్కతో సరిపెట్టారా. ఆరోపణ చేసిన అధికారే విచారణకి కూర్చున్నాడా. ఇంకో సంగతి కూడా ఉంది. భూమి నిజంగానే చేతులు మారి ఉంటే నోటీసు కొన్నవాడికి పోతుంది, అసలు పట్టాదారుకి కబురే ఉండదు. కాని 1977 చట్టం ప్రకారం స్వాధీనం చేసుకున్న భూమిని అసలు పట్టాదారుకో అతని వారసులకో తిరిగి ఇవ్వడం అన్నది కలెక్టరు ముందున్న దారుల్లో ఒకటి. తిరిగి పొందే అవకాశం ఉన్నవాడే ఆ గదిలో లేకుండా కేసు ముగిసిపోవడం మామూలు నోటీసు లోపం కన్నా పెద్ద లోపమని మా అభిప్రాయం.

ఇప్పుడు ఈ సూత్రం ఎక్కడ ఆగుతుందో చెప్పాలి. గెలిచిన బస్సుల వాళ్లకి దక్కింది రూట్లు కాదు, మళ్లీ విచారణ. 1958లోనే ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి స్వయంగా కూర్చుని అభ్యంతరాలు విన్నారు. విని, స్కీముని ఆమోదించారు. మళ్లీ సుప్రీంకోర్టు. ముఖ్యమంత్రి దగ్గరే రవాణా శాఖ ఉంది కదా, కార్యదర్శికి అంటిన పక్షపాతం ఆయనకి అంటదా అని వాదించారు. 1959లో కోర్టు అంటదంది. కార్యదర్శి శాఖలో భాగం, మంత్రి శాఖ పనికి బాధ్యుడు మాత్రమే, అదీ తేడా. పైగా వినే పని ప్రభుత్వానికే చట్టం అప్పగించింది గనక, ప్రభుత్వమే పక్షపాతి అని మొత్తంగా అనడానికి లేదు, ఫలానా మనిషి పక్షపాతి అని చూపాలి. ఈ తేడా మాకు బలహీనంగానే కనబడుతుంది. శాఖ పనిని ముందుకి నెట్టేది మంత్రే కదా. 1960లో కొండలరావు కేసులో ఇంకా ముందుకి పోయారు. రూట్లు తీసుకోవాలని నిర్ణయించిన ఉపసంఘానికి అధ్యక్షత వహించిన మంత్రే తర్వాత అభ్యంతరాలు విన్నా ఫరవాలేదన్నారు.

విన్నవాడే తేల్చాలన్న సూత్రం కూడా అన్నిచోట్లా ఒకేలా నిలవలేదు. 1989లో ఒస్సీన్, జెలటిన్ కంపెనీల కేసులో, ఒక అధికారి విని ఇంకొకరు ఉత్తర్వు ఇచ్చినా, రికార్డు పూర్తిగా ఉండి నష్టం చూపలేకపోతే చెల్లుతుందన్నారు. 2011లో టైర్ల కంపెనీల సంఘం కేసులో, మధ్యలో అధికారి మారితే కొత్తాయన మళ్లీ వినాల్సిందేనని గుళ్లపల్లి కేసునే ఎత్తి చూపారు. ఈ రెంటి నడుమ మన కేసు ఎటు పడుతుందన్నది నష్టం చూపించగలగడం మీద ఉంటుంది. అందుకే 'మమ్మల్ని వినలేదు' అని ఊరుకోకుండా, విని ఉంటే ఏం చెప్పేవాళ్లమో రిట్‌లోనే రాయాలి. శిస్తు రసీదు నెంబర్లు, సాగు ఏడాదులు, పక్క పొలం సాక్షులు. పై డి-పట్టా కేసులో కొడుకు కొత్త తహసీల్దారు ముందు నిలబడి ఉంటే చూపగలిగేవి ఇవే. కోర్టు ఉత్తర్వుని కొట్టేసి కొత్త విచారణకి పంపితే, మళ్లీ అదే ఆఫీసులో, అదే బల్ల ముందు మొదటి రోజున అతను తీసుకెళ్లాల్సినవీ ఇవే.