పాస్‌వర్డ్ మేనేజర్, వీపీఎన్ ప్లాన్ రద్దు చేస్తున్నారా? ముందు డేటా బయటకు తీసుకోండి.. లేదంటే ఇబ్బందులే!

నిజాంసాగర్ (బాన్సువాడ): ఆఫర్‌లో తక్కువ ధరకు వస్తోందని రెండేళ్లకో, మూడేళ్లకో వీపీఎన్, పాస్‌వర్డ్ మేనేజర్ కలిపి ఒకేసారి కొనేస్తారు చాలామంది. గడువు దగ్గర పడ్డాక చూస్తే రెన్యువల్ ధర మొదటి ధర కంటే బాగా ఎక్కువగా కనిపిస్తుంది. అప్పుడు చేసే మొదటి పని యాప్‌ను ఫోన్ నుంచి తీసేయడం. ఇక్కడే అసలు సమస్య మొదలవుతుంది. యాప్ తీసేసినంత మాత్రాన ప్లాన్ రద్దు కాదు, డబ్బులు కట్ అవడం ఆగదు. పోనీ కోపంతో అకౌంట్‌నే డిలీట్ చేస్తే అందులో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లన్నీ దాంతోపాటే పోతాయి.

గడువు ముగిశాక ఏమవుతుందనేది కంపెనీని బట్టి మారుతుంది. కొన్ని ఉచిత ప్లాన్‌కు దించి పాస్‌వర్డ్‌లు చూడనిస్తాయి. 1Password లాంటివి కొత్తవి చేర్చనివ్వకుండా, పాతవి చూసుకుని బయటకు తీసుకునే వీలు ఇస్తాయి. కానీ అన్నీ అలా ఉండవు. ఉచిత ప్లాన్ కూడా ఎప్పటికీ ఉంటుందన్న గ్యారంటీ లేదు. డ్యాష్‌లేన్ తన ఉచిత ప్లాన్‌ను 2025 సెప్టెంబర్‌లో ఆపేసింది.

ఏకంగా సర్వీసే మూతపడితే? డ్రాప్‌బాక్స్ పాస్‌వర్డ్స్ విషయంలో అదే జరిగింది. 2025లో మూసివేత ప్రకటించిన కంపెనీ.. ఆగస్టు 28 నుంచి కొత్తవి చేర్చడం, ఆటోఫిల్ ఆపేసింది. సెప్టెంబర్ 11న మొబైల్ యాప్ పనిచేయడం మానేసింది. అక్టోబర్ 28తో సర్వీస్ పూర్తిగా ఆగిపోయి, అందులోని డేటా శాశ్వతంగా తొలగిపోయింది. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, యూజర్లు ఎక్కువగా వాడే మొబైల్ యాప్ చివరి తేదీ కంటే ఆరు వారాల ముందే ఆగిపోయింది. ఫోన్‌లో తర్వాత చూసుకుందాంలే అనుకున్నవాళ్లకు బ్రౌజర్ ఒక్కటే దిక్కైంది.

ఒక ఉదాహరణతో చూద్దాం

నిజాంసాగర్‌లో ఆన్‌లైన్ సెంటర్ నడిపే ఓ యువకుడు ఉన్నాడనుకుందాం. మూడేళ్ల క్రితం ఓ కంపెనీ దగ్గర వీపీఎన్, పాస్‌వర్డ్ మేనేజర్ కలిపి కొన్నాడు. వచ్చే నెల 30న గడువు ముగుస్తుంది. అందులో తనవి, ఇంట్లోవాళ్లవి కలిపి 140 పాస్‌వర్డ్‌లు ఉన్నాయి. నాన్న పీఎఫ్ అకౌంట్, చెల్లి కాలేజీ అడ్మిషన్ లాగిన్, రైల్వే టికెట్ల ఐడీ, షాపు ఈమెయిల్ అన్నీ అక్కడే. వాటిలో చాలావరకు మొబైల్ ఓటీపీతో మళ్లీ మార్చుకోవచ్చు. కానీ నాన్న పీఎఫ్‌కు లింకైన సిమ్ ఎప్పుడో పోయింది. ఈమెయిల్ బ్యాకప్ కోడ్‌లు నోట్స్ రూపంలో ఆ యాప్‌లోనే ఉన్నాయి. ఇవి పోతే ఓటీపీతో తిరిగి రావు.

అతను మొదట చేయాల్సింది రద్దు కాదు, ఎక్స్‌పోర్ట్. కనీసం నెల ముందు మొదలుపెడితే మంచిది. కొన్ని కంపెనీలు గడువుకు కొన్ని రోజుల ముందే రెన్యువల్ డబ్బులు కట్ చేస్తాయి కాబట్టి ఆఖరి రోజు దాకా ఆగకూడదు.

ఫోన్ కంటే సొంత ల్యాప్‌టాప్‌లో ఈ పని సులువు. సెంటర్‌లో కస్టమర్లు వాడే కంప్యూటర్‌లో మాత్రం అస్సలు వద్దు. ఎందుకంటే సెట్టింగ్స్‌లోని Export నొక్కితే సాధారణంగా వచ్చేది సీఎస్‌వీ ఫైల్. దానికి తాళం ఉండదు. పాస్‌వర్డ్‌లన్నీ మామూలు అక్షరాల్లో, ఎవరు తెరిచినా చదివేలా ఉంటాయి. క్రోమ్ వాడే సీఎస్‌వీ లోపల ఇలా ఉంటుంది:

```
name,url,username,password,note
Mail,https://example.com,ravi01,00482913,backup
```

ఆ ఫైల్‌ను ఎక్సెల్‌లో తెరవకండి

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేస్తే కంప్యూటర్‌లో ఎక్సెల్ తెరుచుకుంటుంది. పై ఉదాహరణలోని 00482913ను అది అంకె అనుకుని 482913గా మార్చేస్తుంది. పొడవైన నంబర్లను 1.2E+11 లాంటి రూపంలోకి కుదిస్తుంది. = గుర్తుతో మొదలయ్యే పాస్‌వర్డ్‌ను ఫార్ములా అనుకుంటుంది. తెలుగులో రాసుకున్న నోట్స్ పిచ్చి గీతల్లా కనిపించే అవకాశమూ ఉంది. చూసి ఊరుకుంటే ఫర్వాలేదు కానీ, మూసేటప్పుడు సేవ్ నొక్కితే ఆ మార్పులు ఫైల్‌లోకి ఎక్కిపోతాయి. నెల తర్వాత లాగిన్ అవకపోతే కారణం ఎవరికీ అర్థం కాదు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడటమే సేఫ్.

సీఎస్‌వీలో అన్నీ రావన్నది రెండో విషయం. బిట్‌వార్డెన్‌నే తీసుకుంటే, దాని సీఎస్‌వీలో లాగిన్లు, నోట్స్ మాత్రమే వస్తాయి. కార్డు వివరాలు, అడ్రస్‌లు రావాలంటే .json ఫార్మాట్ ఎంచుకోవాలి. వోల్ట్‌లో దాచుకున్న ఆధార్, పాన్ స్కాన్ ఫైళ్లు ఈ రెండింటిలోనూ రావు, వాటిని విడిగా డౌన్‌లోడ్ చేసుకోవాలి.

తాళం వేసిన ఎక్స్‌పోర్ట్ కూడా ఉంటుంది కదా అని కొందరు అదే ఎంచుకుంటారు. మంచిదే కానీ అందులో ఒక తిరకాసు ఉంది. బిట్‌వార్డెన్‌లో అలాంటివి రెండు రకాలు. ఒకటి మీరు పెట్టిన పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటుంది. రెండోది, అంటే Account restricted అని కనిపించేది, అదే అకౌంట్‌లోకి తప్ప ఇంకెక్కడికీ తిరిగి ఎక్కదు. దాన్ని దాచుకుని అకౌంట్ డిలీట్ చేస్తే ఆ ఫైల్ ఎందుకూ పనికిరాదు. రద్దు చేసేవాళ్లు Password protected అన్నదే ఎంచుకోవాలి.

రెండు దశల లాగిన్‌కు వాడే ఆరంకెల కోడ్‌లు కూడా పాత యాప్‌లోనే వస్తుంటే మరింత జాగ్రత్త అవసరం. ఆ సీక్రెట్ కీ ఎక్స్‌పోర్ట్ ఫైల్‌లో వచ్చినా కొత్త యాప్ దాన్ని తీసుకోకపోవచ్చు. గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ తీసుకునేది వెబ్‌సైట్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, నోట్ మాత్రమే. అందుకే పాత యాప్ పనిచేస్తుండగానే ఆయా వెబ్‌సైట్లలోకి వెళ్లి, రెండు దశల సెట్టింగ్‌ను విడి ఆథెంటికేటర్ యాప్‌కు మార్చుకోవాలి. సీఎస్‌వీతో పాస్‌కీలు రావు కాబట్టి కొత్త చోట మళ్లీ క్రియేట్ చేసుకోవాల్సిందే.

కొత్త చోటకు చేరాయో లేదో ఇలా తెలుస్తుంది

మన యువకుడు గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్‌కు మారాలనుకుంటే, కంప్యూటర్ క్రోమ్‌లో chrome://password-manager/settings తెరిచి Import passwords నొక్కాలి. ఒక్కసారికి 3,000 పాస్‌వర్డ్‌ల దాకా తీసుకుంటుంది. ఫైల్ మొదటి వరుసలో url, username, password అనే పేర్లు ఉండాలి. పాత కంపెనీ వేరే పేర్లు పెట్టి ఇంపోర్ట్ ఫెయిల్ అయితే, నోట్‌ప్యాడ్‌లో ఆ మొదటి వరుస వరకే మార్చితే చాలు.

తర్వాత లెక్క చూసుకోవాలి. పాత యాప్‌లో 140 ఉంటే కొత్తదాంట్లో 131 కనిపిస్తే, మిగతా తొమ్మిది ఎక్కడ? వెబ్‌సైట్ అడ్రస్ లేని నోట్స్ ఇలా రాలిపోతుంటాయి. ఈ ఉదాహరణలో ఈమెయిల్ బ్యాకప్ కోడ్‌లు ఉన్నవి కూడా అవే. వాటిని చేత్తో కాగితం మీద రాసుకుని బీరువాలో పెట్టుకున్నా తప్పులేదు. ఆపై ఈమెయిల్, బ్యాంకు, పీఎఫ్ లాంటి ఓ ఐదు ముఖ్యమైన వాటిలోకి కొత్త యాప్‌తోనే లాగిన్ అయి చూడాలి.

అన్నీ సరిగా ఉన్నాయనుకున్నాకే సీఎస్‌వీ డిలీట్ చేయాలి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో తీసేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ క్లౌడ్‌కు సింక్ అవుతుంటే అక్కడి ట్రాష్‌లోనూ చూడాలి. వాట్సాప్‌లో తనకు తానే పంపుకోవడం లాంటివి చేయకపోవడమే మంచిది.

ఇప్పుడు రద్దు.. రెండు చోట్లా చేయాలి

కంపెనీ వెబ్‌సైట్‌లో కొన్నవాళ్లు అక్కడి అకౌంట్‌లోకి వెళ్లి ఆటో రెన్యువల్ ఆఫ్ చేయాలి. ప్లే స్టోర్ ద్వారా కొని ఉంటే కంపెనీ సైట్‌లో ఆ బటన్ దొరకదు. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ ఫొటో నొక్కి Payments & subscriptions, అందులో Subscriptions చూడాలి. ఆటో రెన్యువల్ ఆపినా, కట్టిన గడువు పూర్తయ్యేదాకా సాధారణంగా సర్వీస్ నడుస్తుంది. అకౌంట్ డిలీట్ అనే ఆప్షన్ వేరు, దాని జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

రెండోది బ్యాంకు వైపు. కార్డు నుంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యే చెల్లింపులకు ఆర్బీఐ నిబంధనలు 2021 అక్టోబర్ 1 నుంచి గట్టిగా అమలవుతున్నాయి. విదేశీ కంపెనీలకు కట్టేవాటికీ ఇవి వర్తిస్తాయి. డబ్బు కట్ అవడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు మెసేజ్ పంపాలి, వద్దనుకుంటే ఆపుకునే వీలివ్వాలి. 2022 జూన్‌లో పరిమితిని రూ.5 వేల నుంచి రూ.15 వేలకు పెంచడంతో, ఆ లోపు రెన్యువల్ ఓటీపీ లేకుండానే జరిగిపోవచ్చు. చాలా ప్లాన్‌లు ఈ లోపే ఉంటాయి. అందుకే బ్యాంకు యాప్‌లోని ఈ-మ్యాండేట్ పేజీలో, యూపీఐ అయితే ఆటోపే విభాగంలో ఆ కంపెనీ పేరు వెతికి క్యాన్సిల్ చేయాలి. ఒక్క మ్యాండేట్ మాత్రమే ఆపి, కంపెనీ దగ్గర రద్దు చేయకపోతే పేమెంట్ ఫెయిల్ అంటూ మెయిల్స్ వస్తూనే ఉంటాయి.

అప్పటికే డబ్బు కట్ అయిపోతే? చాలా వీపీఎన్ కంపెనీలు 30 రోజుల మనీ బ్యాక్ అంటాయి. అయితే అది మొదటిసారి కొన్నవాళ్లకేనా, రెన్యువల్‌కూ వర్తిస్తుందా అన్నది కంపెనీని బట్టి ఉంటుంది. కాబట్టి మెసేజ్ వచ్చిన రోజే సపోర్ట్‌కు రాయాలి. రద్దు చేసినట్లు వచ్చిన మెయిల్‌ను దాచుకుంటే అప్పుడు పనికొస్తుంది.

వీపీఎన్‌లో ఎక్స్‌పోర్ట్ చేయాల్సింది పెద్దగా ఏమీ ఉండదు. రూటర్ కోసం దించుకున్న .ovpn లాంటి ఫైళ్లు ప్లాన్ ముగిశాక పనిచేయవు. కానీ ప్లాన్ అయిపోయిన మరుసటి రోజు ఫోన్‌లో నెట్టే రావడం లేదని కంగారుపడేవాళ్లు ఉంటారు. సిగ్నల్ ఉంటుంది, డేటా ప్యాక్ ఉంటుంది, ఒక్క పేజీ కూడా తెరుచుకోదు. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో VPN పేజీకి వెళ్లి, ఆ యాప్ పక్కనున్న గేర్ గుర్తు నొక్కి చూడండి. Always-on VPN, Block connections without VPN అనేవి ఆన్‌లో ఉంటే, వీపీఎన్ లేకుండా నెట్ వెళ్లనివ్వదు. రెండూ ఆఫ్ చేస్తే నెట్ తిరిగి వస్తుంది. ఆ తర్వాత యాప్ తీసేయొచ్చు.