ఎవరూ సవాలు చేయని చెల్లని ఉత్తర్వు

నోటీసు ఇవ్వకుండా, సంజాయిషీ అడగకుండా ఒక ఉద్యోగిని తొలగించారనుకుందాం. ఉత్తర్వు చట్టవిరుద్ధమే. అది మొదటి నుంచీ శూన్యం కాబట్టి ఎప్పుడైనా కోర్టుకు వెళ్ళవచ్చని అతనికి ఎవరో చెప్పారు. ఈ వాదన వినడానికి బాగానే ఉంటుంది. దీన్ని నమ్మి ఓడిపోయినవాళ్ళున్నారు.

మన లాయర్లు చెల్లని ఉత్తర్వులను రెండు రకాలుగా చెబుతారు. పుట్టుకలోనే చెల్లనిది వాయిడ్. బాధితుడు వచ్చి కొట్టివేయించుకునేదాకా నడిచేది వాయిడబుల్. ఒప్పందాల చట్టంలో ఈ విభజన బాగానే పనిచేస్తుంది. ప్రభుత్వ ఉత్తర్వుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తడబడుతుంది. ఆ ఉత్తర్వును అమలు చేసే గుమాస్తాకో, జీతాల సెక్షన్‌కో, కానిస్టేబుల్‌కో అది శూన్యమని తేల్చే అధికారం లేదు.

పంజాబ్ ప్రభుత్వం, గుర్‌దేవ్ సింగ్ కేసులో 1991లో సుప్రీంకోర్టు చూసింది సరిగ్గా ఈ చిక్కునే. తొలగింపు వాయిడ్ అయితే డిక్లరేషన్ దావాకు కాలపరిమితి వర్తించదని పంజాబ్-హర్యానా హైకోర్టు అన్నది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కాలపరిమితి చట్టంలోని 113వ అధికరణం ప్రకారం మూడేళ్ళలోపు దావా వేయాల్సిందేనని చెప్పింది. చెల్లని ఉత్తర్వు నుదుట చెల్లదనే ముద్రేమీ ఉండదని బ్రిటన్‌లో లార్డ్ ర్యాడ్‌క్లిఫ్ 1956లో చేసిన వ్యాఖ్యను ఆ తీర్పు ఆధారంగా తీసుకుంది. సరైన కోర్టులో, సరైన సమయంలో చెల్లదనిపించుకోకపోతే ఉత్తర్వు తన పని తాను చేసుకుపోతుందని దీని సారం. గడువు దాటాక తొలగింపు చట్టబద్ధమైపోతుందని కోర్టు అనలేదు, దాన్ని కదిలించే దారి మూసుకుపోతుందని మాత్రమే అన్నది. బయట నిలబడ్డ ఉద్యోగికి ఈ తేడా వల్ల ఒరిగేదేమీ లేదనుకోండి.

అయితే దీనికి ఎదురుగా నిలిచే తీర్పు ఒకటుంది. అహ్మదాబాద్‌లో 1967లో నవాబ్‌ఖాన్ అబ్బాస్‌ఖాన్‌పై బొంబాయి పోలీసు చట్టం కింద బహిష్కరణ ఉత్తర్వు వెలువడింది. అది అమల్లో ఉండగానే అతను నిషేధిత ప్రాంతంలోకి వచ్చాడు, కేసు పెట్టారు. విచారణ సాగుతుండగా, 1968లో, తన వాదన చెప్పుకునే అవకాశం సరిగ్గా ఇవ్వలేదన్న కారణంతో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. మరి కొట్టేయడానికి ముందు జరిగిన ఉల్లంఘన నేరమా, కాదా? కింది కోర్టు వదిలేసింది, హైకోర్టు శిక్షించింది, 1974లో సుప్రీంకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. ప్రాథమిక హక్కును హరించే ఉత్తర్వు, చట్టం కోరిన విచారణ లేకుండా వస్తే అది ఏనాడూ ఉత్తర్వు కాదన్నది.

ఈ తీర్పును ఎంతవరకు వాడుకోవచ్చన్నది జాగ్రత్తగా చూడాలి. చట్టవిరుద్ధమైన ఉత్తర్వులను పౌరులు ఉల్లంఘించడం గురించిన విస్తృత ప్రశ్నలపై తుది అభిప్రాయం చెప్పడం లేదని ఆ తీర్పే స్పష్టం చేసింది. అక్కడ ఒక మనిషి శిక్ష ఎదుర్కొంటున్నాడు, ఉత్తర్వును హైకోర్టు అప్పటికే రద్దు చేసింది. గుర్‌దేవ్ సింగ్ కేసులో ఈ రెండూ లేవు. రెండు తీర్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని నేను అనుకోను. అడిగేది ఎవరు, ఏ దశలో, ఏం కోరుతున్నారన్నదే తేడా.

సకాలంలో వెళ్ళినా కోర్టు కొట్టేయని సందర్భం అప్పటి మన పశ్చిమ గోదావరి జిల్లాలోనే కనిపిస్తుంది. ధర్మాజీగూడెంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కోసం గ్రామస్తులు గద్దె వెంకటేశ్వరరావు అధ్యక్షతన కమిటీ వేసుకుని చందాలు పోగుచేశారు. పంచాయతీ సమితి మొదట ఆ ఊరికే ఒప్పుకొని, తర్వాత లింగపాలెం వైపు మొగ్గింది. 1962లో ప్రభుత్వం సమితి తీర్మానాన్ని పక్కన పెట్టి కేంద్రాన్ని ధర్మాజీగూడేనికే ఇచ్చింది. అంతకుముందు సమితికి నోటీసు ఇవ్వలేదు. 1963లో మళ్ళీ పునఃపరిశీలించి లింగపాలేనికి మార్చింది. ఈసారి ధర్మాజీగూడెం కమిటీకి నోటీసు ఇవ్వలేదు, ఆ పునఃపరిశీలనకు అధికారమూ లేదు. అంటే రెండు ఉత్తర్వులూ చెల్లనివే.

రెండోదాన్ని కొట్టేస్తే మొదటిది తిరిగి లేచి కూర్చుంటుంది. ఒక తప్పును సరిదిద్దబోయి ఇంకో తప్పుకు ప్రాణం పోయనక్కర్లేదని, జోక్యానికి నిరాకరించిన హైకోర్టును జస్టిస్ కోకా సుబ్బారావు ధర్మాసనం 1965లో సమర్థించింది. చెల్లదని కోర్టే చెప్పిన ఉత్తర్వు అలా అమల్లో మిగిలింది. అది వాయిడా, వాయిడబులా అన్న ప్రశ్నతో ఇక్కడ పని పడలేదు. రిట్‌లో ఉపశమనం కోర్టు విచక్షణ కిందికి వస్తుంది, అదే ఫలితాన్ని తేల్చింది.

గడువుల సంగతి మాత్రం తేలికైనదే. సివిల్ కోర్టులో డిక్లరేషన్ కోరితే మూడేళ్ళు. కేంద్ర ఉద్యోగి కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్‌కు వెళ్ళాలంటే, 1985 చట్టం 21వ సెక్షన్ ప్రకారం, తుది ఉత్తర్వు నుంచి సాధారణంగా ఏడాదే. హైకోర్టు రిట్‌కు అంకెల్లో గడువు లేకపోయినా, కారణం లేని ఆలస్యాన్ని కోర్టు క్షమించదు. కాబట్టి చెల్లదని ఎంత నమ్మకం ఉన్నా, ఉత్తర్వు అందిన తేదీ రాసిపెట్టుకొని ముందు దాన్ని సవాలు చేయండి.