చివరి మాట ఎవరిది?

"నేను రాసిన పాప ఏమైంది సార్?"

ఫోన్‌లో ఒక ఆరోగ్య కార్యకర్త అడిగిన ఈ ప్రశ్నకి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. సిగ్నల్ అందని ఊళ్ళలో ఇంటింటి వివరాలు రాసుకునే ఒక ట్యాబ్లెట్ యాప్ మీద అప్పట్లో పనిచేస్తున్నాను. నెట్ లేకపోయినా రాసింది ట్యాబ్‌లో భద్రంగా ఉంటుంది, సిగ్నల్ దొరికాక సర్వర్‌కి వెళ్తుంది. ఆవిడ మధ్యాహ్నం ఒక ఇంటి రికార్డులో కొత్తగా పుట్టిన పాపని చేర్చింది. అదే ఇంటికి పొద్దున వెళ్ళిన ఇంకో కార్యకర్త, తన ట్యాబ్‌లో ఆ ఇంటి ఫోన్ నంబరు సరిదిద్దాడు. సాయంత్రానికి రెండూ సర్వర్‌కి చేరాయి.

రెండిట్లో ఏది ఉంచాలన్న రూలు రాసింది నేనే. ఎవరి టైమ్ తాజాదైతే వాళ్ళ రికార్డు మొత్తం ఉంటుంది, రెండోది పోతుంది. అతని ట్యాబ్ గడియారం ఒక రోజు ముందుకి ఉంది. దాంతో పొద్దుటి మార్పు మధ్యాహ్నం మార్పుని మింగేసింది. ఎర్రర్ ఏమీ రాలేదు, లాగ్‌లో రెండు సింకులూ విజయవంతమే. ఆవిడ కాగితం నోట్‌బుక్‌లో కూడా రాసుకుంది కాబట్టి తెలిసింది. లేకపోతే టీకాల జాబితాలో ఆ పాప ఉండేదే కాదు.

సిగ్గుపడి పాత పరిశోధన పత్రాలు చదవడం మొదలుపెట్టాను. నేను కొత్తగా చేశాననుకున్న తప్పు గురించి నేను బడికి వెళ్ళకముందే తెలిసినవాళ్ళు రాసిపెట్టారు.

గడియారాన్ని నమ్మొద్దన్న మాట 1978 నాటిది. వేరువేరు యంత్రాల్లో జరిగిన రెండు పనుల్లో ఒకటి 'ముందు' అనాలంటే, దాని కబురు రెండోదానికి చేరే దారి ఉండాలని లెస్లీ లాంపోర్ట్ ఆ ఏడు ఒక పత్రంలో వాదించాడు. ఆ దారి లేకపోతే ఏదీ ముందు కాదు, ఏదీ వెనక కాదు. మా ఇద్దరు కార్యకర్తల మార్పులూ అలాంటివే. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు. గడియారాలు సరిగ్గా ఉన్నా 'తాజాది' అన్న మాటకి అక్కడ అర్థం లేదు. అప్పుడు పాప మిగిలేది, ఫోన్ నంబరు పోయేది, అంతే తేడా.

మరి ఒకరి సంగతి ఒకరికి తెలియలేదని సర్వర్ ఎలా కనిపెట్టాలి? దానికి 1983లో వచ్చిన ఒక పత్రం వెర్షన్ వెక్టర్ అనే ఉపాయం చెప్పింది. పేరు చూసి భయపడక్కర్లేదు. ప్రతి రికార్డుతో పాటు, ఏ యంత్రంలో దాన్ని ఎన్నిసార్లు మార్చారో లెక్క ఉంచడమే. మా రికార్డు మొదట (1, 1) అనుకుందాం. మొదటి ట్యాబ్‌లో మారిస్తే (2, 1), రెండోదాంట్లో మారిస్తే (1, 2). రెండు లెక్కలనీ పక్కపక్కన పెడితే ఒకచోట ఇది పెద్దది, ఇంకోచోట అది పెద్దది. అంటే ఇవి ఒకదాని తర్వాత ఒకటి జరిగినవి కావు, ఢీకొన్నవి. అదే రెండో కార్యకర్త మొదటి మార్పుని చూశాక మార్చి ఉంటే (2, 2) అయ్యేది, గొడవే లేదు. ఎక్కడా గడియారం అవసరం రాలేదు.

కానీ వెక్టర్ గొడవని చూపిస్తుందే తప్ప తీర్చదు. తీర్చే బాధ్యత ఎవరిదన్న దగ్గర చరిత్ర రెండు దారులు పట్టింది.

మొదటిది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన కోడా. ఐఐటీ మద్రాసులో చదివి అక్కడికి వెళ్ళిన సత్యనారాయణన్ బృందం దాన్ని కట్టింది. నెట్‌వర్క్ ఉన్నప్పుడే కావలసిన ఫైళ్ళని లాప్‌టాప్‌లో దాచుకోవడం, తెగిపోయాక వాటిమీదే పనిచేస్తూ చేసిన మార్పులన్నీ ఒక చిట్టాలో రాసుకోవడం, మళ్ళీ కలిసినప్పుడు ఆ చిట్టాని సర్వర్ మీద వరసగా నడపడం. 1991లో దీని గురించి చెబుతూ వాళ్ళు ఒక కొలత కూడా ఇచ్చారు. వాళ్ళ ఫైళ్ళలో జరిగే మార్పుల్లో 99 శాతానికి పైగా అంతకుముందు మార్చినవాళ్ళే చేసినవి. ఒకే ఫైల్ని ఒక రోజు లోపు ఇద్దరు వేరువేరు మనుషులు మార్చే అవకాశం 0.75 శాతం మించదు. కాబట్టి ముందు అందరినీ రాయనిద్దాం, అరుదుగా వచ్చే గొడవని మనిషి చేతిలో పెడదాం అన్నది వాళ్ళ నిర్ణయం. చిట్టా నడవకపోతే దాన్ని పారేయరు, లాప్‌టాప్‌లో ఒక ఫైలుగా భద్రపరిచి మనిషికి చెబుతారు. నేను చెయ్యనిది సరిగ్గా ఈ పనే.

అయితే ఆ కొలత ఎవరి ఫైళ్ళు వాళ్ళు రాసుకునే మనుషులది. ఇద్దరు కార్యకర్తలు ఒకే ఇంటికి వెళ్ళే ఊళ్ళో ఆ అంకె నిలవదు.

రెండో దారి జిరాక్స్ పార్క్ పరిశోధకులు 1995లో ప్రకటించిన బేయూ. దానికి వాళ్ళు ఎంచుకున్న ఉదాహరణ మీటింగ్ గది బుకింగ్. డిసెంబర్ 18న ఒంటిగంటన్నరకి గది కావాలి. బేయూలో ఆ మార్పుతో పాటు ఇంకో రెండు వెళ్తాయి. ఒకటి పరీక్ష, ఆ వేళకి గది ఖాళీయేనా? రెండోది, ఖాళీ కాకపోతే ఏం చెయ్యాలన్న సూచన. అదే రోజు మూడింటికి చూడు, అదీ కుదరకపోతే మర్నాడు తొమ్మిదిన్నరకి. అంటే యంత్రం ఊహించదు, రాసిన మనిషి ఉద్దేశమే మార్పుతో పాటు ప్రయాణిస్తుంది. ప్రతి సర్వర్ ఆ సూచనని తనంతట తాను నడుపుతుంది కాబట్టి, ఎక్కడ నడిపినా ఒకే ఫలితం రావాలన్నది షరతు. ఒక ప్రధాన సర్వర్ వరసని ఖాయం చేసేదాకా బుకింగ్ తాత్కాలికమే, అది మారవచ్చని వాడేవాళ్ళకి తెలియాలి.

ఇది చదివాక మా యాప్‌లో రికార్డుని ముక్కలు చేశాం. ఫోన్ నంబరు మార్పు వేరు, బిడ్డని చేర్చడం వేరు. రెండూ వస్తే రెండూ ఉంటాయి. హమ్మయ్య అనుకున్నాం. కొన్ని వారాలకి ఒక ఇంట్లో ఇద్దరు నవజాత శిశువులు కనిపించారు. ఇద్దరు కార్యకర్తలూ ఒకే పాపని, ఒకరు 'బేబీ' అని, ఇంకొకరు తల్లి పేరుతో చేర్చారు. ఏదీ పోకూడదని కలిపితే వచ్చే జబ్బు ఇది. అమెజాన్ ఇంజనీర్లు 2007లో తమ డైనమో గురించి రాస్తూ దీని చుట్టాన్నే ఒప్పుకున్నారు. ఢీకొన్న షాపింగ్ కార్టులని కలిపేటప్పుడు చేర్చిన వస్తువు ఎప్పుడూ పోదు, కానీ తీసేసింది ఒక్కోసారి తిరిగొస్తుంది.

బేయూ పద్ధతిలో పరీక్ష పెట్టాం. ఈ ఇంట్లో ఈ తేదీన పుట్టిన బిడ్డ ఇప్పటికే ఉందా? ఉందనుకుందాం, అప్పుడేం చెయ్యాలి? రెండోదాన్ని కొట్టేద్దామా? నిజంగా కవలలైతే? మీటింగ్ గదికి మూడింటి స్లాట్ దొరుకుతుంది, ఇక్కడ ఏ ప్రత్యామ్నాయమూ ముందే రాసిపెట్టలేం. చివరికి రెండు రికార్డులూ ఉంచి, ఎర్ర గీతతో ఇద్దరు కార్యకర్తల ట్యాబులకీ పంపాం. తేలేదాకా టీకాల జాబితాలో ఇద్దరూ ఉంటారు.

మొదట ఫోన్ చేసిన ఆవిడకి అలాంటి ఎర్ర గీత ఒకటి వెళ్ళింది. మర్నాడు ఆ ఇంటికి వెళ్ళి చూసి ఫోన్ చేసింది.

"ఒక్కతే పాప సార్. రెండోది కొట్టేశాను."