రూపాయి విలువ తగ్గింపు (1991)

పూర్వపు వరంగల్ జిల్లాలో నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు 1991 జూన్ 21న ప్రధాని అయ్యారు. పది రోజులు గడిచాయో లేదో, జూలై 1న ఒకసారి, 3న మరోసారి రిజర్వు బ్యాంకు రూపాయి విలువను తగ్గించింది. డాలరు ధర సుమారు 21 రూపాయల నుంచి 26 దాకా పెరిగింది. గల్ఫ్ యుద్ధంతో చమురు ధర మండిపోవడమే దీనికి కారణమని చాలామంది చెబుతారు. అది సగం నిజమే. రేటును నిలబెట్టేది నిల్వల కంటే ముందు నమ్మకం. 1991లో కరిగిపోయింది అదే.

1975 నుంచి రూపాయిని కొన్ని ప్రధాన విదేశీ కరెన్సీల సముదాయానికి ముడిపెట్టారు. ప్రకటించిన ధరకు విదేశీ ద్రవ్యం అమ్మడానికి రిజర్వు బ్యాంకు సిద్ధంగా ఉంటేనే అలాంటి రేటు నిలుస్తుంది. గిరాకీ ఎక్కువైతే నిల్వల్లోంచి తీసి అమ్మాలి, లేదా ఎవరికి ఎంత ఇవ్వాలో ఆంక్షలు పెట్టాలి. మన దేశం రెండూ చేసింది. అయితే 1980లలో బడ్జెట్ లోటు పెరిగింది. దిగుమతుల ఖర్చుకు స్వల్పకాలిక అప్పులు, ప్రవాస భారతీయుల డిపాజిట్లు ఆసరా అయ్యాయి. ఈ రెండూ అనుమానం పుట్టగానే వెనక్కి వెళ్లిపోయే డబ్బు. రేటు తగ్గుతుందన్న మాట వినిపిస్తే ఎగుమతిదారు తన డాలర్లను విదేశంలోనే కొన్నాళ్లు ఉంచుతాడు, దిగుమతిదారు రేపటి బిల్లు ఇవాళే కడతాడు. ఎవరూ చట్టం మీరకుండానే నిల్వ తరుగుతుంది. 1991 ఏప్రిల్–జూన్ మధ్య ప్రవాసుల డిపాజిట్లు సుమారు 95 కోట్ల డాలర్లు బయటికి పోయాయి. అప్పటికి నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకే సరిపోయేలా ఉన్నాయి.

దిగుమతులను ఇంకా బిగించి రేటును కాపాడుకోవచ్చు కదా అన్న వాదన తేలిగ్గా తోసేయదగినది కాదు. ఆ ప్రయత్నమూ జరిగింది: దిగుమతిదారులు బ్యాంకులో ముందుగా కట్టాల్సిన నగదు బాగా పెంచారు. కానీ ముడిసరుకు, విడిభాగాలు ఆగితే ఎగుమతి ఫ్యాక్టరీలూ కుంటుపడతాయి. డాలర్లు తెచ్చే దారే మూసుకుపోతుంది. బంగారం కూడా కదిలింది. మేలో 20 టన్నులు స్విట్జర్లాండుకు అమ్మారు, జూలైలో సుమారు 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టారు. తాకట్టుతో కాస్త గడువు దొరుకుతుందే తప్ప రేటు మీద అనుమానం తీరదు. ఇక ఐఎంఎఫ్ ఒత్తిడితోనే తగ్గించారన్న ఆరోపణ ఉంది. అప్పు కోసం చర్చలు నడుస్తున్న మాట నిజమే, కానీ ఐఎంఎఫ్ లేకపోయినా ఈ నిల్వతో పాత రేటుకు డాలర్లు అమ్ముతూ పోవడం సాధ్యమయ్యేది కాదు.

రెండు విడతల పద్ధతిలోనూ ప్రమాదం ఉంది. మొదటి విడత మార్కెట్ ఎలా తీసుకుంటుందో చూడటానికి. కానీ అది ఇంకో తగ్గింపు రాబోతోందని చెప్పేస్తుంది, అందుకే మధ్య గడువు తక్కువగా ఉండాలి. మొదటిదానికి వచ్చిన విమర్శతో పి.వి. రెండోదాన్ని ఆపాలనుకున్నారు. 3వ తేదీ ఉదయం ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ డిప్యూటీ గవర్నర్ సి. రంగరాజన్‌కు ఫోన్ చేసేసరికే రేటు ప్రకటించేశారు. ఆగి ఉంటే మూడో రోజు నుంచే డాలర్ల కోసం పరుగు మొదలయ్యేది. 1993 మార్చిలో రేటును మార్కెట్‌కు వదిలాక ఏ ప్రభుత్వమూ ఇలా తేదీ పెట్టి రూపాయి విలువ తగ్గించలేదు.