మద్రాసు 2వ జోన్ నుంచి 3వ జోన్‌కు ఎలా వచ్చింది?

మన దేశపు భూకంప మ్యాపులో జోన్లు 2 నుంచి మొదలవుతాయి, 1 ఎక్కడ పోయిందని మనవాళ్ళు ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. దాని జవాబులోనే మన చెన్నై కథ కూడా ఉంది.

1962లో ఐ.ఎస్. 1893 అనే ప్రమాణంతో మొదటి మ్యాపు వచ్చినప్పుడు 0 నుంచి 6 దాకా ఏడు జోన్లు ఉండేవి. ముఖ్యంగా అంతకుముందు ఎక్కడ ఎంత ఊగిందో చూసి గీతలు గీశారు. దక్కన్ పీఠభూమి గట్టి రాయి, అక్కడ భయం లేదనుకున్నారు. 1967 డిసెంబరులో మహారాష్ట్రలోని కోయనా ఊగింది. ఆ తరువాత 1970లో జోన్లను ఐదు చేశారు. 1993 సెప్టెంబరు 30న లాతూరు జిల్లా కిల్లారి నేలమట్టమయింది, వేలమంది పోయారు. ఆ ఊరు ఉన్నది అన్నిటికన్నా తక్కువ ప్రమాదమని చెప్పిన 1వ జోన్‌లోనే! అందుకే 2002 సవరణలో ఆ 1వ జోన్‌ను తీసేసి 2లో కలిపారు. చెన్నైని 2 నుంచి 3కు మార్చిందీ అప్పుడే.

ఇక జోన్ అంకెను చదవడం. ఇది రిక్టర్ అంకె కాదు, భూకంపం వస్తుందని జోస్యమూ కాదు. ఇల్లు కట్టే ఇంజనీరు ఎంత ఊపుకు లెక్క వేయాలో చెప్పే అంకె. 2002 ప్రమాణంలో 2వ జోన్‌కు గుణకం 0.10, 3కు 0.16, 4కు 0.24, 5కు 0.36.

ఒక లెక్క చూద్దాం. మొత్తం బరువు వెయ్యి టన్నులున్న మామూలు అపార్ట్‌మెంటు ఒకటి, భూకంపానికి వంగి నిలిచేలా కమ్మీ కట్టినది. గుణకంలో సగం తీసుకొని, పొట్టి కట్టడాలకు వాడే 2.5తో హెచ్చించి, వంగే గుణానికి 5తో భాగించాలి. 2వ జోన్‌లో 0.025 వస్తుంది, అంటే పక్కనుంచి 25 టన్నుల తోపుడుకు తట్టుకోవాలి. 3వ జోన్‌లో 0.04, అంటే 40 టన్నులు. అదే ఇల్లు, అదే వీధి. మ్యాపు మారినందుకు 15 టన్నులు పెరిగింది.

కాబట్టి చెన్నైలో ఫ్లాటు కొనేవారు జోన్ ఏదని మాత్రం అడిగితే చాలదు. డిజైను ఏ సంవత్సరపు ప్రమాణంతో వేశారో అడగండి. 2002కు ముందు కట్టినదైతే 2వ జోన్ లెక్కే ఉంటుంది, అదీ లెక్క వేసి ఉంటే. పాత టైమ్‌టేబుల్ చూసి స్టేషనుకు పోయినవాడి గతి ఏమవుతుందో మా రైల్వేవాళ్ళకు బాగా తెలుసు.

ఇంకొక సంగతి. ఊరంతటికీ ఒకే అంకె ఇచ్చారు గాని నేల అంతటా ఒకటి కాదు. గట్టి రాతి మీది ఇంటికన్నా, నీరు ఊరే వదులు ఇసుక మీదా పూడ్చిన చెరువు మీదా ఉన్న ఇంటికి ఊపు ఎక్కువ తగలవచ్చు. అది మ్యాపులో కనబడదు. మట్టి పరీక్ష రిపోర్టు అడిగి తీసుకోండి.

2002 తరువాత వచ్చిన ఆ జాబితాలోనే బెంగుళూరు, హైదరాబాదు, మదురై 2లో ఉన్నాయి. కోయంబత్తూరు, సేలం, వేలూరు, విజయవాడ, నెల్లూరు మనతోపాటు 3లో.